క్రిప్టో ట్రేడింగ్ వారం నోట్ ఎలా రాయాలి: ఐదు ట్రేడ్లు, వాటిలో తప్పులు, మార్చాల్సిన ఒక్క రూల్

ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ వేళల్లో క్రిప్టో ట్రేడ్ చేసేవాళ్లకి వారానికి నాలుగైదు ట్రేడ్లకి మించి పడవు. అన్ని తక్కువ ట్రేడ్లతో మీ పద్ధతి లాభసాటిదో కాదో తేలదు. ఐదుసార్లు బొమ్మాబొరుసు వేస్తే నాలుగుసార్లు బొమ్మే పడినా వింతేమీ లేదు కదా. కానీ ముందు అనుకున్న ప్రకారం నడుచుకున్నారా లేదా అన్నది మాత్రం ఐదు ట్రేడ్లలోనే బయటపడుతుంది. వారం నోట్‌లో తేల్చుకోవాల్సింది అదే. అందుకే ఈ నోట్ ఆధారంగా ఇండికేటర్లు మార్చడం, టార్గెట్లు మార్చడం లాంటివి చేయకండి. మీ నడవడికకి సంబంధించిన రూల్ ఒక్కటి మార్చండి, చాలు.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ స్పాట్‌లో మాత్రమే, రూపాయలతో ట్రేడ్ చేసే ఒకాయన ఉన్నాడనుకోండి. పెట్టుబడి రూ.2 లక్షలు. ఒక్కో ట్రేడ్‌లో ఒక శాతానికి, అంటే రూ.2,000కి మించి పోగొట్టుకోకూడదని ఆయన పెట్టుకున్న హద్దు. ఈ రూ.2,000ని ట్రేడర్లు ఒక ఆర్ అంటారు. రూ.3,000 వస్తే 1.5 ఆర్ లాభం, రూ.4,000 పోతే 2 ఆర్ నష్టం. లెక్క సులువుగా ఉండాలని ధరల్ని రౌండ్ అంకెల్లో తీసుకున్నాను.

ముందు లెక్క సరిగ్గా దించుకోండి

ఆదివారం సాయంత్రం ఒక గంట పెట్టుకోండి. ఎక్స్ఛేంజ్ యాప్‌లో కనిపించే లాభనష్టాల పేజీ చూసి రాయకండి. ట్రేడ్ హిస్టరీ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని షీట్‌లో తెరవండి. ఆ వారంలో కొని, అమ్మేసిన ట్రేడ్లే తీసుకోండి. ఇంకా చేతిలో ఉన్నవాటి గురించి కింద ఒక వరుసలో రాసి వదిలేయండి. అవి ముగియకుండా తీర్పు చెప్పలేం.

ఫైల్ తెరవగానే రెండు చోట్ల తికమక పడతారు. ఒకటి, టైమ్. చాలా ఫైళ్లలో టైమ్ యూటీసీలో ఉంటుంది. మన టైమ్ కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. మన ట్రేడర్ నాలుగో ట్రేడ్ పక్కన ఫైల్‌లో 18:10 అని ఉంది. చూడగానే ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం చేసినట్టుంది. కలిపి చూస్తే రాత్రి 11:40. ఐదో ట్రేడ్ పక్కన శుక్రవారం 18:45 అని ఉంది. నిజానికి అది శుక్రవారం అర్ధరాత్రి దాటాక 12:15, అంటే తేదీ కూడా మారిపోయింది. ఈ ఒక్క సవరణ చేయకపోతే రాత్రి నిద్ర ఆపుకుని చేసిన ట్రేడ్లు నోట్‌లో సాయంత్రం ట్రేడ్లుగా కలిసిపోతాయి.

రెండోది, ఒక ఆర్డర్ పలు వరుసలుగా కనిపించడం. మార్కెట్ ఆర్డర్ పెట్టినప్పుడు ఆర్డర్ బుక్‌లో ఒక్కో ధర దగ్గర ఉన్నంత మేరే నిండుతుంది, మిగతాది పై ధరకి పోతుంది. మన ట్రేడర్ ఒక చిన్న కాయిన్‌ని రూ.50 ధర చూసి 800 కొన్నాడు. ఫైల్‌లో మాత్రం మూడు వరుసలున్నాయి: 300 కాయిన్లు రూ.50.40 చొప్పున, 300 రూ.51.80 చొప్పున, 200 రూ.52.70 చొప్పున. మొత్తం రూ.41,200 అయింది, అంటే సగటున ఒక్కోటి రూ.51.50. రూ.50కి కొన్నాననుకున్న మనిషి మొదటి క్షణంలోనే మూడు శాతం పోగొట్టుకున్నాడు. మూడు వరుసలనీ ఒక ట్రేడ్‌గా కలిపి సగటు ధర వేస్తేనే ఇది కంటికి కనబడుతుంది.

ఒక్కో ట్రేడ్‌కి నాలుగు వాక్యాలు

ఎందుకు కొన్నాను, స్టాప్ ఎక్కడ అనుకున్నాను, అంటే ఏ ధరకి పడితే నష్టానికైనా అమ్మేయాలనుకున్నాను, అసలేం జరిగింది, అనుకున్నట్టు చేశానా? ఈ నాలుగింటికీ జవాబులు రాయండి. ఆఖరి దానికి అవును లేదా కాదు, ఈ రెండే జవాబులు. "దాదాపు" అని రాస్తే ఆ నోట్ ఎందుకూ పనికిరాదు.

మన ట్రేడర్ సోమవారం ఇథీరియం రూ.2,50,000 దగ్గర కొన్నాడు. స్టాప్ రూ.2,40,000. ఒక్కో ఇథీరియం మీద రిస్క్ రూ.10,000 కాబట్టి రూ.2,000 హద్దుకి 0.2 మాత్రమే కొనాలి, అంతే కొన్నాడు. టార్గెట్ రూ.2,65,000 తగిలి రూ.3,000 వచ్చింది, 1.5 ఆర్. అనుకున్నట్టే చేశాడు.

మంగళవారం సోలానా రూ.12,000 చొప్పున నాలుగు. స్టాప్ రూ.11,500. మీటింగ్‌లో ఉండగా పడింది. ముందే పెట్టిన స్టాప్-లిమిట్ ఆర్డర్ రూ.11,500కే అమ్మేసింది. రూ.2,000 పోయింది, మైనస్ 1 ఆర్. దీన్ని తప్పుల్లో రాయకూడదు. నష్టం వచ్చిన ప్రతి ట్రేడ్‌నీ తప్పు అనుకుంటే వచ్చే వారం స్టాప్‌లు జరపడం మొదలవుతుంది. ఇక్కడ చూడాల్సింది ఒకటే: స్టాప్ ధరకీ అమ్ముడైన ధరకీ తేడా ఎంత? స్టాప్-లిమిట్ ఆర్డర్‌లో ట్రిగ్గర్ ఒక ధర, లిమిట్ ఇంకో ధర. రేటు ఒక్కసారిగా లిమిట్ కిందికి జారిపోతే ఆర్డర్ నిండకుండా అలాగే ఉండిపోతుంది, కాయిన్ మన చేతిలోనే ఉంటుంది, రేటు పడిపోతూనే ఉంటుంది. అందుకే పలుచగా ట్రేడ్ అయ్యే కాయిన్లలో ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య కాస్త ఎక్కువ ఎడం ఉంచాలి.

మూడోది బిట్‌కాయిన్. రూ.80,00,000 దగ్గర 0.01 కొన్నాడు, స్టాప్ రూ.78,00,000, టార్గెట్ రూ.83,00,000. బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ చూస్తే రూ.81,00,000 దాటి మళ్లీ వెనక్కి వస్తోంది. టెన్షన్ పడి రూ.81,00,000కి అమ్మేశాడు. రూ.1,000 లాభం, 0.5 ఆర్. ఆ తర్వాత రేటు టార్గెట్‌కి వెళ్లిందా, పడిపోయిందా అన్నది ఈ నోట్‌కి అక్కర్లేదు. అమ్మడానికి ముందే రాసుకున్న కారణం ఏదీ లేదు కాబట్టి జవాబు "కాదు". పడిపోయి ఉన్నా జవాబు అదే. తర్వాతి రేటు చూసి తప్పొప్పులు తేల్చే అలవాటు పడితే మన నోట్ మనకి అదృష్టాన్నే నేర్పుతుంది.

నాలుగోది ఆ చిన్న కాయిన్. గురువారం రాత్రి 11:40కి ఒక టెలిగ్రామ్ గ్రూపులో చార్ట్ చూసి కొన్నాడు. స్టాప్ అనుకోలేదు. తెల్లారి రూ.46.50కి అమ్మి రూ.37,200 తెచ్చుకున్నాడు. రూ.4,000 పోయింది, మైనస్ 2 ఆర్. హద్దుకి రెట్టింపు. "కాదు".

ఐదో ట్రేడ్ దగ్గరే నోట్ రాసేవాళ్లు ఎక్కువగా మోసపోతారు. శుక్రవారం అర్ధరాత్రి దాటాక ఇథీరియం రూ.2,60,000 దగ్గర 0.4 కొన్నాడు. స్టాప్ రూ.2,50,000 దగ్గర పెట్టాలని మనసులో ఉంది, ఎక్కడా రాయలేదు. ఆ స్టాప్‌కి 0.2 కొనాలి. ముందు రోజు పోయిన డబ్బు తిరిగి రావాలని రెట్టింపు కొన్నాడు. రూ.2,67,500 దగ్గర అమ్మితే రూ.3,000 వచ్చింది, 1.5 ఆర్. వారంలో మొదటి ట్రేడ్‌కి వచ్చినంత లాభమే. కాబట్టి నోట్‌లో దీన్ని మంచి ట్రేడ్‌గా రాయాలనిపిస్తుంది. కానీ స్టాప్ తగిలి ఉంటే ఇంకో రూ.4,000 పోయేది. నిజానికి నాలుగో ట్రేడ్‌లోనూ ఐదో ట్రేడ్‌లోనూ జరిగిన తప్పు ఒకటే, ఫలితం వేరు. లాభం తెచ్చిన తప్పుని ఈ వారమే పట్టుకోకపోతే వచ్చేసారి అదే సైజు మామూలైపోతుంది. నోట్‌లో ఈ ట్రేడ్ మీద మిగతావాటికంటే ఎక్కువ సమయం పెట్టండి.

పన్ను పోయాక చేతికి మిగిలేదెంత

ఐదూ కలిపితే 3,000, మైనస్ 2,000, 1,000, మైనస్ 4,000, 3,000. వారం మొత్తానికి రూ.1,000 లాభం. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మన దేశంలో పన్ను కట్టేవాళ్లు ఇక్కడ ఆపకూడదు.

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్ ఉన్నాయి, కలిపి 31.2 శాతం. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్‌లో వచ్చిన లాభంలోంచి తీసేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. అంటే మన ట్రేడర్‌కి పన్ను పడేది రూ.1,000 మీద కాదు. లాభం వచ్చిన మూడు ట్రేడ్లు కలిపి రూ.7,000 మీద పడుతుంది. అది రూ.2,184. పోయిన రూ.6,000ని లెక్కలోకి తీసుకోరు. రూ.1,000 లాభంలో ఉన్నాననుకున్న మనిషి నిజానికి రూ.1,184 నష్టంలో ఉన్నాడు.

ఫీజు ఇంకా తీయలేదు. కొన్నవీ అమ్మినవీ కలిపితే వారంలో రూ.6,47,400 చేతులు మారింది. ఒక్కో వైపు 0.2 శాతం ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ అనుకుంటే సుమారు రూ.1,530 అవుతుంది. మొత్తం నష్టం రూ.2,700 దాటింది. కొన్న ఖర్చు తప్ప మరేదీ లాభంలోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి ఫీజుని పన్ను తగ్గించే ఖర్చుగా లెక్కేసుకోకండి.

ఇక టీడీఎస్. 2022 జూలై 1 నుంచి అమ్మిన విలువ మీద ఒక శాతం కోస్తున్నారు. ఈ వారం అమ్మకాలు రూ.3,24,200 కాబట్టి రూ.3,242 కోత పడింది. ఇది నష్టం కాదు, రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది. కానీ అప్పటిదాకా పెట్టుబడిలోంచి బయటికి పోయినట్టే. యాప్‌లో బ్యాలెన్స్ ఎందుకు తగ్గిందో అర్థంకాక కంగారు పడేది ఎక్కువగా ఈ కోత వల్లే. అందుకే నోట్‌లో టీడీఎస్‌కి విడిగా ఒక గడి ఉంచండి. యూఎస్‌డీటీతో వేరే కాయిన్ కొనేవాళ్లకి ఇంకో మాట: యూఎస్‌డీటీ కూడా చట్టం దృష్టిలో క్రిప్టోనే. దాన్ని ఇచ్చి ఇంకోటి తీసుకున్న ప్రతిసారీ ఒక అమ్మకం జరిగినట్టే లెక్క. అమెరికాలో ఉండి అక్కడే పన్ను కట్టే మనవాళ్లకి మాత్రం ఈ లెక్క వర్తించదు, అక్కడ నష్టాన్ని లాభంలో సర్దుకోవచ్చు.

షీట్‌లో లాభనష్టం H గడిలో ఉంటే పక్క గడిలో ఇది పెట్టండి:

```
=IF(H2>0, H2*0.688, H2)
```

లాభమైతే 68.8 శాతమే మీది, నష్టమైతే మొత్తం మీదే. ఈ గడిని ఒక్క నెల చూస్తే ట్రేడింగ్ మీద మీ అంచనాలు మారతాయి. ప్రతి లాభంలో 1.5 ఆర్, ప్రతి నష్టంలో 1 ఆర్ అనుకుంటే పన్ను లేని లెక్కలో వందకి నలభై గెలిస్తే సరిసమానం. పన్ను పోయాక 1.5 ఆర్ కాస్తా 1.03 ఆర్ అవుతుంది. అప్పుడు వందకి దాదాపు యాభై గెలిస్తేగానీ పెట్టుబడి నిలబడదు, ఫీజు కలిపితే ఇంకొన్ని ఎక్కువే గెలవాలి. అయితే దీన్ని చూసి ఈ ఆదివారమే టార్గెట్లు పెంచేయకండి. "యాభై ట్రేడ్లయ్యాక చూడాలి" అని నోట్ అడుగున రాసి పక్కన పెట్టండి.

రూల్ ఎలా ఎంచుకోవాలి

"కాదు" అని వచ్చిన ట్రేడ్లు మూడు: మూడోది, నాలుగోది, ఐదోది. వీటిలో ఎన్ని తప్పులున్నాయో రాయండి. తొందరపడి అమ్మడం, స్టాప్ లేకపోవడం, పలుచటి కాయిన్‌లో మార్కెట్ ఆర్డర్, రెట్టింపు సైజు, అర్ధరాత్రి ట్రేడ్, గ్రూపు మాట విని కొనడం. ప్రతిదానికీ ఒక రూల్ పెట్టాలనిపిస్తుంది. పెడితే వచ్చే వారం ఏ రూల్ పనిచేసిందో తెలియదు, బుధవారానికి ఆరూ గాలికి పోతాయి.

ఒక్కటి ఎంచుకోవడానికి నేను చూసేది ఇది: ఏ ఒక్క అడుగు అడ్డంపడి ఉంటే ఎక్కువ తప్పులు ఆగేవి? "రాత్రి పదింటి తర్వాత ట్రేడ్ లేదు" అన్నది మొదట తడుతుంది, ఎందుకంటే రెండు చెడ్డ ట్రేడ్లూ రాత్రివే. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి గ్రూపులో అదే చార్ట్ వచ్చి ఉంటే ఆ రూల్ ఆపేది కాదు. పైగా ఉద్యోగస్తుడికి ఖాళీ దొరికేదే రాత్రి. రెండు ట్రేడ్లనీ కలిపేది ఇంకోటుంది: రెంటిలోనూ స్టాప్ ధర ఎక్కడా రాయలేదు. స్టాప్ రాసి ఉంటే సైజు దానంతటదే వచ్చేది, రెట్టింపు కొనడం కుదిరేది కాదు. చిన్న కాయిన్‌కి స్టాప్ ఎక్కడ పెట్టాలా అని రెండు నిమిషాలు ఆలోచించినా ఆర్డర్ బుక్ ఎంత పలుచగా ఉందో కనబడేది.

కాబట్టి రూల్: "కొనే ధర, స్టాప్ ధర, క్వాంటిటీ షీట్‌లో రాయకుండా కొనుగోలు ఆర్డర్ పెట్టకూడదు."

"జాగ్రత్తగా ఉండాలి", "ఎమోషన్స్ తగ్గించుకోవాలి" లాంటివి రూల్స్ కావు, ఎందుకంటే పాటించారో లేదో వచ్చే ఆదివారం చెప్పలేరు. పై రూల్‌ని చెప్పొచ్చు. క్వాంటిటీ మీరు చేత్తో రాయకండి, షీటే లెక్కేసి ఇవ్వాలి. కొనే ధర C గడిలో, స్టాప్ D గడిలో రాస్తే:

```
=ROUNDDOWN(2000/(C2-D2), 4)
```

రూ.2,60,000, రూ.2,50,000 అని వేయండి, 0.2 వస్తుంది. దానికి మించి ఆర్డర్‌లో టైప్ చేస్తే మీరు రూల్ దాటినట్టు మీకే తెలుస్తుంది. ఫోన్‌లో షీట్ తెరవడం చిరాకనిపిస్తే వాట్సాప్‌లో మీకు మీరే మూడు అంకెలు పంపుకోండి. ఆ మెసేజ్ టైమ్ సాక్ష్యంగా నిలుస్తుంది. ఈ రూల్‌కి ఒక పరిమితి ఉంది, అది కూడా రాసుకోండి: మూడో ట్రేడ్‌లో తొందరపడి అమ్మడాన్ని ఇది ఆపదు. ఆ తప్పు ఈ వారానికి పక్కన పెట్టాలి. మళ్లీ మళ్లీ వస్తే దాని వంతు వస్తుంది.

నోట్ చివరికి ఇలా ఉంటుంది

ట్రేడ్లు ఐదు. యాప్ లెక్కలో రూ.1,000 లాభం, పన్ను, ఫీజు పోయాక సుమారు రూ.2,700 నష్టం. టీడీఎస్ రూ.3,242.
అనుకున్నట్టు చేసినవి: ఇథీరియం (సోమ), సోలానా.
చేయనివి: బిట్‌కాయిన్‌లో కారణం లేకుండా ముందే అమ్మాను. చిన్న కాయిన్‌కి స్టాప్ లేదు, సగటు ధర మూడు శాతం పైన పడింది. ఇథీరియం (శుక్ర రాత్రి) రెట్టింపు సైజు, లాభం వచ్చినా తప్పే.
మార్చే రూల్: కొనే ధర, స్టాప్, క్వాంటిటీ రాయకుండా కొనుగోలు లేదు. రేపటి నుంచి, ఇరవై ట్రేడ్ల వరకు.
పక్కన పెట్టినవి: ముందే అమ్మడం. టార్గెట్ 1.5 ఆర్ సరిపోతుందా (యాభై ట్రేడ్ల తర్వాత).

ఇంతకంటే పొడుగు అక్కర్లేదు. సోమవారం మొదటి ఆర్డర్ పెట్టే ముందు దీన్నొకసారి చదవాలి, అందుకే ఫోన్ తెరలో పట్టేంత ఉంటే మంచిది.

వచ్చే ఆదివారం మొదట చూడాల్సింది లాభం కాదు. షీట్‌లోనో వాట్సాప్‌లోనో రాసిన టైమ్‌ని ట్రేడ్ హిస్టరీలో ఆర్డర్ టైమ్‌తో పోల్చండి, ఐదున్నర గంటలు కలపడం మర్చిపోకుండా. రాసింది ముందు, ఆర్డర్ తర్వాత ఉంటే పాటించినట్టు. ఆర్డర్ పెట్టేశాక రాసినది పాటించినట్టు కాదు. ఐదింటిలో నాలుగు పాటిస్తే నాలుగు అని రాయండి. రూల్ దాటిన ట్రేడ్‌లో లాభం వచ్చిందని దాన్ని సడలించకండి, వారం మధ్యలో అస్సలు మార్చకండి.

ఈ షీట్‌ని ఆ ఏడాది రిటర్న్ వేసేదాకా తుడిచేయకండి. ఆదాయపు పన్ను రిటర్న్‌లో క్రిప్టోకి విడిగా షెడ్యూల్ వీడీఏ ఉంది. అందులో కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ఖర్చు, అమ్మగా వచ్చిన మొత్తం ట్రేడ్ వారీగా అడుగుతారు. ఆ నాలుగూ మీ దగ్గర ఇప్పటికే ఉంటాయి. నెలకోసారి ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఫామ్ 26ఏఎస్ తెరిచి, మీ టీడీఎస్ గడి మొత్తం అందులో పడిందో లేదో సరిచూసుకోండి. పడకపోతే ఎక్స్ఛేంజ్‌కి అప్పుడే రాయండి. రిటర్న్ గడువు దగ్గరపడ్డాక వాళ్ల దగ్గర్నుంచి జవాబు రాబట్టడం కష్టం.